కత్తి లేదని చూపడానికేనా షేక్‌హ్యాండ్?

"షేక్‌హ్యాండ్ మొదలైందే చేతిలో కత్తి లేదని చూపించడానికి కదా?"

ఈ కథ బాగా ప్రచారంలో ఉంది కానీ, పాత శిల్పాలు చూస్తే వేరే సంగతి కనిపిస్తుంది. ఇరాక్‌లోని నిమ్రూద్‌లో దొరికిన ఒక సింహాసన పీఠం మీద అసీరియా రాజు మూడో షల్మనేసర్, బాబిలోన్ రాజు చేతులు కలిపి నిలబడి ఉంటారు. అది క్రీ.పూ. 9వ శతాబ్దం నాటిది. బాబిలోన్ రాజు మీద సొంత తమ్ముడే తిరగబడితే షల్మనేసర్ సైన్యంతో వెళ్లి ఆదుకున్నాడు. ఆ పొత్తుకు గుర్తే ఈ చెక్కడం. పలకరింపు కాదు, ఒప్పందం.

గ్రీకులదీ ఇదే వరస. క్రీ.పూ. 403లో ఏథెన్స్ వాళ్లు సామోస్ ద్వీపవాసులను గౌరవిస్తూ చెక్కించిన రాతి శాసనం పైభాగంలో ఎథీనా, హేరా దేవతలు కుడిచేతులు కలుపుతారు. ఒక్కో దేవత ఒక్కో ఊరి తరఫున అన్నమాట. ఏథెన్స్ సమాధి రాళ్ల మీదైతే భార్యాభర్తలు, తల్లీకూతుళ్లు ఇలాగే చేతులు పట్టుకుని కనిపిస్తారు. చనిపోయిన భార్య దగ్గర కత్తి ఉందేమోనని భర్తకు టెన్షన్ ఎందుకుంటుంది చెప్పండి! చావుతోనూ తెగని బంధం అని దాని భావం.

రోజువారీ పలకరింపుగా దీన్ని వ్యాప్తిలోకి తెచ్చినవాళ్లలో 17వ శతాబ్దపు ఇంగ్లండ్‌లోని క్వేకర్లు అనే క్రైస్తవ వర్గం వాళ్లు ముఖ్యులు. వంగి దండం పెట్టడం, టోపీ తీయడం అంటే ఎదుటివాడు పెద్ద, నేను చిన్న అని ఒప్పుకోవడమే. దేవుడి ముందు అందరూ సమానమని నమ్మిన క్వేకర్లు న్యాయమూర్తి ఎదుట కూడా టోపీ తీయక జైలుకెళ్లారు. వంగడానికి బదులు వాళ్లు చేయి కలిపారు.