తరుగు పద్నాలుగు అన్నారు, బిల్లులో ఇరవై మూడు తేలింది

పర్లాకిమిడిలో పెళ్లి కుదిరితే పాతపట్నం వెళ్లి కొందామా, శ్రీకాకుళం దాకా పోదామా అన్న చర్చ, రాయగడలో అయితే పార్వతీపురం, బరంపురంలో అయితే ఏకంగా విశాఖ. ఒడిశా వైపు ఉన్న తెలుగువాళ్లం బంగారం దగ్గరికి వచ్చేసరికి తప్పకుండా అనే మాట ఒకటుంది: "అటు వైపు టాక్స్ తక్కువండీ." జీఎస్టీ రాకముందు రాష్ట్రానికో వ్యాట్ ఉన్న రోజుల్లో పుట్టిన మాట ఇది. 2017 జూలై 1 నుంచి నగ మీద పన్ను దేశమంతా 3 శాతమే, సగం కేంద్రానికి, సగం కొట్టు ఉన్న రాష్ట్రానికి. మహేంద్రతనయ ఇటు కొన్నా అటు కొన్నా అదే 3. అయినా ఆ మూడు గురించి ఇంత తర్జనభర్జన పడే మనం, బిల్లులో దానికి నాలుగింతలు ఉండే వరసని మాత్రం కొట్టువాడు చెప్పింది చెప్పినట్టు ఒప్పేసుకుంటాం. ఆ వరస పేరు తరుగు. ఇప్పుడు వేస్టేజ్ అంటున్నారు, కొన్ని కొట్లలో వీఏ అని రెండక్షరాలు.

నా వాదన ఏమిటంటే, తరుగు అన్నది ఇవాళ నష్టం కాదు, ధర. ధరని నష్టంలా, అదీ గ్రాముల్లో చూపించడం వల్ల మనం అసలు ఎంత ఎక్కువ కడుతున్నామో మనకే తెలియకుండా పోతోంది.

ఒక హారం తీసుకుందాం. లెక్క సులువుగా ఉండటానికి 22 క్యారెట్ల గ్రాము 10,000 అనుకోండి, మీరు కొన్న రోజు రేటు వేసుకున్నా శాతాల్లో పెద్ద తేడా రాదు. త్రాసు మీద హారం 32 గ్రాములు. అందులో రాళ్లు, లక్క కలిపి 2 గ్రాములు. అంటే నికరం 30 గ్రాములు, మూడు లక్షల బంగారం. తరుగు 14 శాతం అన్నారు, అది 4.200 గ్రాములు, అంటే 42,000. మజూరీ గ్రాముకి 300, కానీ ఎన్ని గ్రాములకి? ఇక్కడే కాస్త ఆగి చూడాలి, చాలా స్లిప్పుల్లో తరుగు కలిపేసిన బరువు మీద, అంటే 34.200 మీద వేస్తారు. 10,260 అయింది. నగలో లేని నాలుగు గ్రాములకి కూడా చేసిన కూలి కట్టామన్నమాట! రాళ్లకి 6,000. మొత్తం 3,58,260, దాని మీద 3 శాతం పన్ను 10,747 రూపాయల 80 పైసలు. హాల్‌మార్క్ ఛార్జీ నగకి 45, దాని మీద 18 శాతం పన్నుతో 53 రూపాయల 10 పైసలు. అన్నీ కలిపి 3,69,060 రూపాయల 90 పైసలు.

ఇప్పుడు చేయాల్సిన లెక్క ఒక్కటే. కట్టిన మొత్తంలోంచి నికర బంగారం విలువ తీసేయండి, మిగిలినదాన్ని ఆ బంగారం విలువతోనే భాగించండి. 69,060 ని 3,00,000 తో భాగిస్తే 23 శాతం. కౌంటర్ దగ్గర విన్నది 14, పన్ను కలుపుకుని మనసులో వేసుకున్నది 17, జేబులోంచి పోయింది 23. ఒక్కో గ్రాము మనకి పడింది 10,000 కాదు, 12,302.

ఇదే లెక్క పక్క కొట్టుకీ వేయండి, అప్పుడు ఆటంతా బయటపడుతుంది. అక్కడ పెద్ద బోర్డు: "మజూరీ లేదు". తరుగు మాత్రం 18 శాతం. అదే 30 గ్రాములు, అవే రాళ్లు అనుకుంటే తరుగు 54,000, మొత్తం 3,60,000, పన్ను 10,800, హాల్‌మార్క్‌తో కలిపి 3,70,853. అంటే మజూరీ లేని కొట్లోనే దాదాపు 1,800 ఎక్కువ. తరుగు తగ్గించి మజూరీ పెంచేవాళ్లు, మజూరీ తీసేసి తరుగు పెంచేవాళ్లు, రెండూ తగ్గించి రాళ్ల ధరలో లాగేవాళ్లు, ఎవరి దారి వాళ్లది. అందుకే తరుగుతో తరుగుని, మజూరీతో మజూరీని పోల్చి లాభం లేదు. చివరి మొత్తం, నికర బంగారం, ఈ రెంటి మధ్య తేడా శాతం: కొట్టుకీ కొట్టుకీ పోల్చదగ్గ అంకె అదొక్కటే. బిల్లు కొట్టకముందు ఎస్టిమేట్ స్లిప్పు ఇస్తారు కదా, అది చేతిలో పెట్టుకుని ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీస్తే అర నిమిషం పని. సేల్స్‌మ్యాన్ మొహం మారుతుంది, మారనివ్వండి.

స్లిప్పులో ఇంకొకటి కూడా చూడాలి, తరుగు ఏ బరువు మీద వేశారన్నది. 30 మీద 14 శాతం అయితే 4.200 గ్రాములు. రాళ్లతో కలిపి 32 మీద వేస్తే 4.480 అవుతుంది, అంటే రాళ్లకి కూడా తరుగు కట్టి ఇంకో 2,800 ఇచ్చినట్టు. తరుగు గ్రాముల్ని నికర బరువుతో భాగించి చూడండి, వాళ్లు చెప్పిన శాతం కంటే ఎక్కువ వస్తే తప్పు ఇక్కడే ఉంది.

వ్యాపారులు చెప్పేదీ విందాం. చేత్తో చేసే నక్షీ పనిలో, రాళ్లు పొదిగే పనిలో కోత, ఆకురాయి, అతుకు, మెరుగు ప్రతి దశలోనూ కొంత బంగారం రాలుతుంది, అది నిజం. షోరూమ్ అద్దె, జీతాలు, అమ్ముడుపోక ఏడాది పాటు అద్దాల వెనక ఉండిపోయే సరుకు మీద వడ్డీ, అవీ నిజాలే. వాళ్లకి లాభం ఉండకూడదని ఎవరూ అనడం లేదు.

కానీ రాలిన పొడిని కంసాలి వదిలేయడు. ఒళ్లో తోలు పరుచుకుని పని చేసేది, పని చోటు చిమ్మిన చెత్తని కూడా దాచేది అందుకే, ఆ పొడిని కరిగించి శుద్ధి చేస్తే చాలా భాగం తిరిగి వస్తుంది. మెషిన్ మీద అల్లిన చైన్‌లో అయితే పోయేది మరీ స్వల్పం. సరే, పోనీ నిజంగానే నాలుగు గ్రాములు గాల్లో కలిసిపోయాయనుకుందాం, అప్పుడు అద్దె, జీతాలు, వడ్డీ తరుగు కిందకి ఎందుకు వస్తాయి? అవి రూపాయల ఖర్చులు. వాటిని రూపాయల్లోనే అడగొచ్చు. శాతంలో అడగడంలో ఉన్న సుఖం వేరే: కొన్నేళ్ల కిందట గ్రాము 5,000 ఉన్నప్పుడు ఇదే హారానికి ఇదే 14 శాతం 21,000. ఇప్పుడు 42,000. హారం అదే, పని అదే, పట్టిన రోజులు అవే. బంగారం రేటు రెట్టింపయింది కాబట్టి కొట్టుకి వచ్చేదీ రెట్టింపయింది, హారం చేసిన కంసాలి కూలి కూడా రెట్టింపు అయిందా అని మీ ఊళ్లో ఉన్న కంసాలినే అడిగి చూడండి. రేటు పెరిగిందని మనం ఢిల్లీనో డాలర్‌నో తిట్టుకుంటూ ఉంటే, ఆ పెరుగుదల వెనకాలే తరుగు కూడా గడప దాటి లోపలికి వచ్చేస్తోంది.

గ్రాముల్లో చూపించడం వల్ల జరిగే ఇంకో మాయ నాకు అన్నిటికంటే ఒళ్లు మండించేది. స్లిప్పులో నికరం 30.000, దాని కింద వీఏ 4.200, గీత గీసి 34.200 అని ఉంటుంది. ఇంట్లో ఆడవాళ్ల లెక్కలో ఆ హారం ఇక ఎప్పటికీ "ముప్పై నాలుగు గ్రాముల హారం". వియ్యాలవారికి అదే చెబుతారు, చెల్లెలికి పెట్టేటప్పుడు అదే తూకం చూసుకుంటారు. తర్వాత ఎప్పుడో ఖరీఫ్ పెట్టుబడికో ఆసుపత్రి ఖర్చుకో బ్యాంకుకి పట్టుకెళ్తే అప్రైజర్ తూచి, రాళ్లు తీసేసి, 30 అంటాడు. మిగతా నాలుగు ఏమయ్యాయని అతనితో గొడవ! అవి హారంలో ఏనాడూ లేవు.

అసలు నగ విలువ గురించి నిజం చెప్పేది అమ్మిన కొట్టు కాదు, తాకట్టు పెట్టుకునేవాడు. రిజర్వ్ బ్యాంకు 2025లో తెచ్చిన బంగారు రుణాల నిబంధనల్లో విలువ కట్టేది లోపలున్న బంగారానికే, రాళ్లకి కాదు. రేటు కూడా గత 30 రోజుల సగటు, ముందు రోజు ముగింపు రేటు, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది. ఇంటి అవసరాలకి తీసుకునే అప్పు 2.5 లక్షల లోపు అయితే విలువలో 85 శాతం దాకా, అది దాటి 5 లక్షల దాకా 80 శాతం. మన హారం విలువ మూడు లక్షలే కాబట్టి ఎంత లాగినా అప్పు రెండున్నర లక్షలు దాటదు. కొన్నది 3,69,000 పెట్టి. పొలం పట్టా లేనివాళ్లకి, బ్యాంకు చుట్టూ తిరిగే ఓపిక లేనివాళ్లకి మా వైపు బంగారమే అత్యవసర నిధి, దాన్ని మన చేత 23 శాతం అదనంతో మొదలుపెట్టిస్తున్నారన్నది నా బాధ. ప్రభుత్వం చేయగలిగింది కూడా కష్టమేం కాదు. హాల్‌మార్క్ నగ బిల్లులో వస్తువు వివరం, నికర బరువు, స్వచ్ఛత, హాల్‌మార్క్ ఛార్జీ విడిగా చూపాలని ఇప్పటికే నిబంధన ఉంది. దాని పక్కనే ఇంకో వరస చేర్చాలి: నికర బంగారం విలువ ఇంత, దాని మీద మీరు కట్టిన అదనం ఇంత శాతం. తరుగుని గ్రాముల్లో చూపడం మానేయాలి. బిస్కెట్ ప్యాకెట్ మీద ధర అచ్చు వేయించిన దేశంలో ఇది ఎందుకు సాధ్యం కాదో నాకు అర్థం కాదు.

అది వచ్చేదాకా, బిల్లు లేకుండా ఇస్తే మూడు శాతం కలిసొస్తుందన్న ఆశకి మాత్రం పోకండి. 10,747 మిగులుతుందని చూసుకుంటే, రేపు స్వచ్ఛత తక్కువని తేలినప్పుడు చూపించడానికి చేతిలో కాగితం ఉండదు. హాల్‌మార్క్ నగ మీద ఆరు అక్షరాల, అంకెల హెచ్‌యూఐడీ ఉంటుంది, బీఐఎస్ కేర్ యాప్‌లో Verify HUID దగ్గర కొట్టి, అక్కడ కనిపించే స్వచ్ఛత, నగ రకం చేతిలో ఉన్నదానితో సరిపోయాయో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోవచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి, అది స్వచ్ఛతకి సాక్ష్యమే కానీ తరుగు న్యాయమైందని చెప్పే ముద్ర కాదు. 916 ఉన్న నగలోనూ 23 శాతం అదనం ఉండొచ్చు, ఇప్పుడు మనం చూసింది అలాంటిదే.

పాత నగ మార్పిడిలో ఈ లెక్క ఇంకా ఘాటుగా ఉంటుంది. "పాత బంగారానికి కోత లేదు" అంటే సంతోషపడిపోతాం. ఆ 30 గ్రాముల హారం ఇచ్చి, మోడల్ పాతదైపోయిందని, ఇంకో 30 గ్రాముల హారం అదే తరుగు, అదే మజూరీతో తీసుకుంటే, బంగారానికి బంగారం చెల్లు. పన్ను తేడా మీద కాదు, కొత్త నగ పూర్తి విలువ మీద పడుతుంది. తరుగు 42,000, మజూరీ 10,260, రాళ్లు 6,000, పన్ను 10,747 మళ్లీ మొదటి నుంచి. కోత ఏమీ లేకుండానే 69,000 రూపాయలు ఇచ్చి, లోపలికి తీసుకెళ్లిన బరువుతోనే బయటికి వస్తాం.