ప్రాక్సీ రిపోర్టులో కనిపించని డీవీఆర్

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు చిన్న ఆసుపత్రుల్లో, కాలేజీల్లో, హోల్‌సేల్ దుకాణాల్లో నెట్ నెమ్మదించిందంటే మేనేజరు నోట ముందు వచ్చే మాట ఒకటే: "ఎవరు యూట్యూబ్ చూస్తున్నారో లిస్టు తియ్యి బాబూ." నెట్‌వర్క్ చూసే కుర్రాడు చాలాచోట్ల శ్రీకాకుళం నుంచో, విశాఖ నుంచో నెలకోసారి వచ్చి వెళ్లేవాడే. ఆఫీసు కంప్యూటర్ల తరఫున నెట్‌కు వెళ్లే ప్రాక్సీ అనే సర్వర్ లాగ్ తెరిచి, ఎక్కువ ఎంబీలు వాడినవాళ్ల పేర్లు వరసగా రాసిస్తాడు. ఒకరిద్దరికి చీవాట్లు పడతాయి. నెట్ మాత్రం అలాగే ఉంటుంది.

ఈ పద్ధతి రెండు చోట్ల దారి తప్పుతోందని నా అభిప్రాయం. మొదటిది, ప్రాక్సీ లాగ్‌లో కనిపించేవి ప్రాక్సీ మీదుగా వెళ్లే యంత్రాలే. బ్రౌజర్‌లో ప్రాక్సీ అడ్రసు పెట్టిన కంప్యూటర్లన్నీ అందులో బుద్ధిగా నమోదవుతాయి. సీసీ కెమెరాల వీడియో దాచే డీవీఆర్‌కు, వేలిముద్రల హాజరు మిషన్‌కు, ఎవరో తెచ్చి తగిలించిన వైఫై రూటర్‌కు ప్రాక్సీ ఉందన్న సంగతే తెలియదు. అవి నేరుగా, లోపలి నెట్‌వర్క్‌కూ బయటి నెట్‌కూ మధ్య కాపలా కాసే ఫైర్‌వాల్ దగ్గరికి పోతాయి. రెండోది, ఎంబీల లెక్క సినిమా చూసినవాడిని పట్టిస్తుంది గానీ, పాడైన యంత్రాన్ని పట్టించదు. బయటి అడ్రసులన్నీ తట్టి చూసే వైరస్ పంపే ప్యాకెట్ ఒక్కొక్కటి 40 బైట్లే. రోజంతా తట్టినా ఎంబీల పట్టికలో అది అడుగునే ఉండిపోవచ్చు. అందుకే లెక్క పెట్టాల్సింది కనెక్షన్లను. అందులోనూ ముందుగా ఫైర్‌వాల్ ఆపేసిన కనెక్షన్లను.

ఒక ఉదాహరణ తీసుకుందాం. బరంపురంలో ఎనభై యంత్రాలున్న ఒక ప్రైవేటు ఆసుపత్రి అనుకోండి. రెండు నెట్‌వర్క్ కార్డులున్న లినక్స్ కంప్యూటరే ఫైర్‌వాల్. స్క్విడ్ ప్రాక్సీ వేరే కంప్యూటర్‌లో ఉంది. బయటికి పోవడానికి ఆ ప్రాక్సీకి, డీఎన్ఎస్ సర్వర్‌కు మాత్రమే అనుమతి. మిగతావి నేరుగా పోవాలని చూస్తే ఫైర్‌వాల్ ఆపి, `OUT-DROP` అనే గుర్తుతో లాగ్‌లో ఒక లైను రాస్తుంది. ప్రస్తుత లాగ్ ఫైలు తీసుకుని, లోపలి ఏ అడ్రసు పేరు మీద ఎన్ని లైన్లున్నాయో ఇలా లెక్కపెట్టవచ్చు:

```
grep 'OUT-DROP' /var/log/kern.log |
grep -oE 'SRC=[0-9.]+' | sort | uniq -c | sort -rn | head
```

పట్టికలో పైన మూడు అడ్రసులు వచ్చాయనుకుందాం. ఒకటి ఫార్మసీ కౌంటర్ కంప్యూటర్, రెండోది 192.168.10.57, మూడోది 192.168.10.88. చాలామంది ఇక్కడే ఆగిపోయి మొదటి నంబరు మీద పడతారు. ఈ పట్టిక చెప్పేది ఎవరిని ముందు అడగాలో మాత్రమే. తప్పు ఎవరిదో తేల్చాలంటే ఇంకో ప్రశ్న వెయ్యాలి: ఆ యంత్రం ఎన్ని వేర్వేరు చోట్లకు పోవాలని చూసింది?

```
grep 'OUT-DROP' /var/log/kern.log | grep 'SRC=192.168.10.57 ' |
grep -oE 'DST=[0-9.]+' | sort -u | wc -l
```

ఫార్మసీ కంప్యూటర్‌కు ఇదే లెక్క వేస్తే వచ్చే జవాబు 1. వేల లైన్లు, కానీ గమ్యం ఒకటే, అక్కడ తట్టే తలుపు నంబరు లాంటి పోర్టూ ఒకటే. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తన లైసెన్సు సర్వర్‌ను అడగాలని చూస్తోంది, దారి దొరక్క మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోంది. పైగా ఆపేసిన కనెక్షన్ల లెక్క సహజంగానే ఉబ్బిపోతుంది. ఫైర్‌వాల్ DROP చేస్తే అవతలి నుంచి ఏ జవాబూ రాదు కాబట్టి, కంప్యూటర్ అదే మొదటి ప్యాకెట్‌ను మళ్లీ పంపుతుంది. లినక్స్ అయితే మామూలుగా ఇంకో ఆరుసార్లైనా పంపుతుంది. అంటే ఒక్క ప్రయత్నానికి లాగ్‌లో ఏడు లైన్లో, అంతకంటే ఎక్కువో పడవచ్చు. అనుమతి దొరికిన కనెక్షన్‌కు, కొత్త కనెక్షన్లనే రాసే రూల్ ఉంటే, ఒక్క లైనే పడుతుంది. ఈ రెండు రకాల్ని ఒకే పట్టికలో కలిపి వరస పెడితే ఆ వరసకు అర్థం ఉండదు. లోపలి యంత్రాలను ఆపేటప్పుడు DROP బదులు REJECT పెట్టి, టీసీపీకి రీసెట్ పంపితే ఈ పునరావృతం చాలావరకు తగ్గుతుంది. సాఫ్ట్‌వేర్ కూడా అరనిమిషం బిగుసుకుపోకుండా వెంటనే తప్పు చూపిస్తుంది. నెట్ స్లో అని కౌంటర్ దగ్గర వినిపించే ఫిర్యాదుల్లో కొన్ని అక్కడికక్కడే తీరతాయి.

192.168.10.88 కథ వేరు. గమ్యాలు కొన్ని వందలు. పోర్టులు ఎక్కువగా 443, మధ్యమధ్య ఆండ్రాయిడ్ ఫోన్ల నోటిఫికేషన్లకు వాడే 5228. పేరుకు ఒక్క యంత్రమే, తీరు చూస్తే పదిమందిది. ఇక్కడ లాగ్ లైనులోని TTL, అంటే ప్యాకెట్ ఇంకా ఎన్ని రూటర్లు దాటగలదో చెప్పే అంకె, పనికొస్తుంది. విండోస్ యంత్రం ప్యాకెట్‌ను 128తో మొదలుపెడుతుంది, ఫోన్లు, లినక్స్ 64తో. మధ్యలో ఒక్కో రూటర్ దాటినప్పుడల్లా ఒకటి తగ్గుతుంది. మన ఫైర్‌వాల్ ప్యాకెట్‌ను అవతలికి దాటించే FORWARD దశలో లాగ్ రాసేసరికి తన వంతు ఒకటి తగ్గించేసి ఉంటుంది. కాబట్టి నేరుగా స్విచ్‌కు తగిలించిన యంత్రాలు 127, 63గా కనిపిస్తాయి. ఒకే అడ్రసు నుంచి 126, 62 రెండూ కనిపిస్తే, ఆ అడ్రసు వెనక ఇంకో రూటర్ ఉంది, దాని వెనక ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ ఉన్నాయి. స్టాఫ్ రూమ్‌లో సిగ్నల్ రాలేదని ఎవరో సొంత వైఫై రూటర్ తెచ్చి గోడకున్న పాయింట్‌కు పెట్టారన్నమాట. ఫోన్ల యజమానుల మీద విరుచుకుపడనక్కర్లేదు. ఆ రూటర్‌ను తీసి, అతిథులకు వేరే నెట్‌వర్క్ ఇస్తే సరిపోతుంది.

ఇక 192.168.10.57. ఎన్ని లైన్లున్నాయో దాదాపు అన్ని గమ్యాలు. ఒక లైను చూస్తే, కొంత కుదించాక, ఇలా ఉంటుంది:

```
OUT-DROP IN=eth1 OUT=eth0 SRC=192.168.10.57 DST=203.0.113.44
LEN=40 TTL=63 PROTO=TCP SPT=40112 DPT=23 SYN
```

పోర్టు 23 అంటే దూరం నుంచి యంత్రంలోకి లాగిన్ అయ్యే టెల్‌నెట్. ఆసుపత్రిలో ఏ యంత్రానికీ బయటి టెల్‌నెట్‌తో పని లేదు. పది లైన్లకో ఒకటి 2323 కూడా తగులుతుంది. ఇది 2016లో డీవీఆర్‌లను, ఐపీ కెమెరాలను లక్షల సంఖ్యలో పట్టేసిన మిరాయ్ అనే వైరస్ తీరు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్ జతలు అరవైకి పైగా వెంటబెట్టుకుని, కనిపించిన అడ్రసునల్లా తట్టి, తలుపు తీస్తే లోపలికి దూరుతుంది. ఆ ఏడాది సోర్స్ కోడ్ బయటికి వచ్చేశాక దాని పిల్లలు పుట్టుకొస్తూనే ఉన్నాయి. మన 192.168.10.57 అంటే కెమెరాల డీవీఆరే. యజమాని ఊళ్లో లేనప్పుడు ఫోన్‌లో చూసుకోవాలని అడిగితే, బిగించినతను రూటర్‌లో డీఎంజెడ్ అనే అరలో డీవీఆర్ అడ్రసు పెట్టేసి వెళ్లాడు. అంటే బయటి ప్రపంచానికి దాని పోర్టులన్నీ తెరిచేసినట్టే. ప్రాక్సీ రిపోర్టులో ఇది ఏనాడూ కనిపించదు. అది ప్రాక్సీని ఒక్కసారి కూడా పలకరించలేదు.

అసలు మోసం ఇంకొకటుంది, అది లాగ్ రాసే రూల్‌లోనే. డిస్క్ నిండిపోతుందన్న భయంతో లాగ్ రూల్‌కు పరిమితి పెట్టడం మామూలే. `--limit 30/minute` అని పెడితే రోజుకు గరిష్ఠంగా 43,200 లైన్లు, కొంచెం అటూ ఇటూ. మిరాయ్ జాతి వైరస్ సెకనుకు వందకు పైగా ప్యాకెట్లు వదలగలదు. అలా వదిలితే ఆ పరిమితిలో ఎక్కువ భాగం డీవీఆరే మింగేస్తుంది, మిగతా యంత్రాల లైన్లు చాలావరకు లాగ్‌లోకి రావు. ఫార్మసీ, డీవీఆర్ పక్కపక్కన ఉన్నట్టు పట్టిక చూపిస్తున్నా, నిజంగా వాటి మధ్య ఎంత దూరం ఉందో ఆ పట్టికకు తెలియదు. దీన్ని కనిపెట్టడం తేలికే. సెలవురోజైనా పనిరోజైనా మొత్తం లైన్లు దాదాపు ఒకే అంకె దగ్గర ఆగుతున్నాయంటే, మనం చూస్తున్నది ట్రాఫిక్‌ను కాదు, పరిమితిని. ఇంకో రుజువు ఫైర్‌వాల్ కౌంటర్:

```
iptables -L FORWARD -v -n -x
```

ఇందులో DROP రూల్ పక్కన ఉండే ప్యాకెట్ల సంఖ్యకు లాగ్ పరిమితితో సంబంధం లేదు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ అంకె రాసుకుని తేడా చూడాలి. అదే వ్యవధిలో లాగ్‌లో పడిన లైన్లు దానికంటే బాగా తక్కువగా ఉంటే, లాగ్ ఏ మేరకు గుడ్డిదో తెలిసిపోతుంది. అప్పుడు రద్దీ లేని వేళ ఒక పది నిమిషాలు పరిమితి తీసేసి, ఆ పది నిమిషాల లాగ్ మీదే వరస కట్టడం మేలు.

ప్రాక్సీ లాగ్‌కూ ఇలాంటి చిక్కే ఒకటుంది. స్క్విడ్‌లో లాగిన్ తప్పనిసరి చేస్తే, మొదట `TCP_DENIED/407` అనే లైను పడి, ఆ తర్వాతే అసలు లైను వస్తుంది. కొన్ని లాగిన్ పద్ధతుల్లో ఇలాంటివి రెండు పడతాయి. 407లను తీసెయ్యకుండా లెక్కపెడితే ఏ తప్పూ లేని గుమాస్తా పేరు మీద రెట్టింపు, మూడు రెట్లు కనెక్షన్లు కనిపిస్తాయి. ఆ అంకె పట్టుకుని మనిషిని నిలదియ్యడం అన్యాయం. హెచ్‌టీటీపీఎస్ సైట్లకైతే రాసేది ఒక్క CONNECT లైను, అదీ కనెక్షన్ మూశాకే. పొద్దున తెరిచి సాయంత్రం దాకా ఉంచిన వాట్సాప్ వెబ్ మధ్యాహ్నం తీసిన రిపోర్టులో ఉండకపోవచ్చు.

ఇదంతా సవ్యంగా సాగాలంటే అడ్రసు ఏ యంత్రానిదో తెలియాలి. యంత్రాలకు అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ వాటిని మారుస్తుంటుంది కాబట్టి, లైనులోని సమయాన్ని, ఏ అడ్రసు ఎప్పుడు ఎవరికిచ్చిందో రాసే లీజుల లాగ్‌తో కలిపి చూడాలి. ఆ రెండు గడియారాలు ఒకటే చెప్పాలి. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలు గడియారాలను ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైమ్ సర్వర్లతో కలపమన్నాయి, లాగ్‌లను 180 రోజులు దాచమన్నాయి, ఇలాంటి ఘటన తెలిసిన 6 గంటల్లోగా సెర్ట్-ఇన్‌కు తెలియజేయమన్నాయి. డెబియన్, ఉబుంటుల్లో kern.log మామూలుగా నాలుగు వారాలే నిలుస్తుంది. ఎవరూ ముట్టుకోని ఫైర్‌వాల్‌లో మిగిలిన ఐదు నెలలు గాలికి పోయినట్టే.

డీవీఆర్ విషయంలో ముందు చెయ్యాల్సింది కేబుల్ తీసెయ్యడం. ఆఫ్ చేసి ఆన్ చేస్తే మిరాయ్ పోతుంది, ఎందుకంటే అది మెమరీలోనే బతుకుతుంది. కానీ డీఎంజెడ్ అర, పాత పాస్‌వర్డ్ అలాగే ఉంటే నిమిషాల్లో మళ్లీ వచ్చి కూర్చుంటుంది. డీఎంజెడ్ తీసి, పాస్‌వర్డ్ మార్చి, తయారీదారు కొత్త ఫర్మ్‌వేర్ ఇస్తే వేసి, యజమాని చూసుకోవడానికి వీపీఎన్ పెట్టి, ఆ తర్వాతే కేబుల్ తగిలించాలి. మర్నాడు అదే లెక్క మళ్లీ వెయ్యాలి. 57 పేరు మీద పోర్టు 23 లైను ఒక్కటి పడినా పని పూర్తి కానట్టే.

ఏడాది కాంట్రాక్టు రాసుకునే యాజమాన్యాలు యూట్యూబ్ లిస్టుకు బదులు వారానికో పట్టిక అడగాలి: ఎక్కువ కనెక్షన్లు ఆపేయించుకున్న పది యంత్రాలు, ఒక్కోదానికి వేర్వేరు గమ్యాలెన్ని, ఎక్కువగా తట్టిన పోర్టు ఏది, ఆ యంత్రం ఏ గదిలో ఉంది. చివరి గడి ఖాళీగా ఉన్న లైను దగ్గరికి ఆ వారమే ఎవరో ఒకరు నడిచి వెళ్లి చూడాలి.