ట్యాంక్ చిన్నదా, గాలి తక్కువా?

కడపలో లాడ్జి సూపర్‌వైజర్ అడిగింది: "బాయిలర్ వేడెక్కితే సేఫ్టీ వాల్వ్ కారుతోంది, చల్లారితే ప్రెజర్ మీటర్ పడిపోతోంది, రోజూ నీళ్లెక్కిస్తున్నాం. ఎక్స్‌పాన్షన్ ట్యాంక్ మార్చాలా?"

ఓబులేసు: మార్చాల్సిందే. 100 లీటర్లు ఏం చాలుతుంది? 200ది పెడితే పీడా పోతుంది.

మస్తాన్: ఆగన్నా. లూప్‌లో వెయ్యి లీటర్లు, 30 డిగ్రీల నుంచి 80కి పోతే పొంగేది 25 లీటర్లే. ట్యాంకేమో కింద బాయిలర్ పక్కన, పైన చివరి పైపు 12 మీటర్ల ఎత్తులో, అంటే నీళ్ల బరువే 1.2 బార్, దానికి 0.3 కలిపి గాలి 1.5 ఉండాలి. నీళ్లూ అంతకే నింపితే వేడి మీద మీటర్ 2.3 దాటదు. వాల్వ్ లేచేది 3కి.

ఓబులేసు: గాలి చూశా అబ్బీ, పంక్చర్ షాపు గేజ్‌తో. 22 పాయింట్లు, నీ 1.5 బారే.

మస్తాన్: నీళ్లు వదిలి చూశావా?

ఓబులేసు: ఎందుకు వదలాలి?

మస్తాన్: ట్యాంక్ లోపల నీళ్లనీ గాలినీ విడదీసే రబ్బరుకు ఇటు నీళ్లు 1.5తో నొక్కుతుంటే అటు గాలి కూడా అంతే చూపిస్తుందన్నా, అసలు గాలి ఎంత దిగిపోయినా సరే. నిన్న నేను ట్యాంక్ వాల్వ్ కట్టేసి డ్రెయిన్ తెరిస్తే రెండు బకెట్లు నిండి ఇంకా కారింది, అదంతా అయ్యాక గేజ్ పెడితే 7 పాయింట్లు. అర బార్! అంటే చల్లగా ఉన్నప్పుడే 40 లీటర్ల నీళ్లు లోపల చేరి కూర్చున్నాయి. మిగిలిన 60 లీటర్ల గాలిలోకి ఇంకో 25 దూరితే 3.3 అవుతుంది, వాల్వ్ కారక ఏం చేస్తుంది?

ఓబులేసు: మా ఇంట్లో ప్రెజర్ పంపు ట్యాంక్‌కు ఎనిమిదేళ్లుగా గాలే కొట్టలేదు.

మస్తాన్: దాని గాలి మోటార్ ఆన్ అయ్యే ప్రెజర్‌ను బట్టి పెడతారు, ఇది బిల్డింగ్ ఎత్తును బట్టి. రెండూ ఒకటి కాదు.

ఓబులేసు: షాపు గేజ్‌ను కూడా తప్పంటావా?

మస్తాన్: గేజ్ మంచిదే, పెట్టిన టైమే తప్పు.

ఓబులేసు: సరే, నీ లెక్కే వేస్తా. 200 ట్యాంక్‌లో గాలి అర బారే ఉన్నా మీటర్ 2.2 దగ్గరే ఆగుతుంది కదా? ఏడాదికోసారి గాలి చూసేవాడు ఈ లాడ్జిలో ఎవడు? పైగా వాచ్‌మన్ 1.5కి ఆపడు, 1.8 దాకా నింపుతాడు, అప్పుడు గాలి సరిగ్గా ఉన్నా నీ 100 లీటర్లది 2.9కి పోతుంది.

మస్తాన్: అది నిజమే, కాదనను. కొత్తగా వేసేదైతే నేనూ 150 చెప్పేవాణ్ని. కానీ ఇప్పుడున్నదానికి సైకిల్ పంపుతో గాలి 22కి ఎక్కించి రెండు వారాలు చూద్దాం. రోజూ కొత్త నీళ్లు పోస్తుంటే బోరు సున్నం, తుప్పు రెండూ బాయిలర్‌లోకే పోతాయి, ముందు అది ఆగాలి.

ఓబులేసు: గాలి పిన్ నొక్కితే నీళ్లొస్తే?

మస్తాన్: రబ్బరు చిరిగినట్టే. అప్పుడు 150 తెద్దాం.

ఓబులేసు: 200.

మస్తాన్: 150 అన్నా.