ముద్ర లేని గరిటె

కిరాణా కొట్టు కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర లేకపోతే నేరం. అవే బియ్యం ఇంటికొచ్చి అన్నమయ్యాక మాత్రం కొలిచే గిన్నెకు ముద్ర లేదు, వడ్డించే గరిటెకు తనిఖీ లేదు. ‘పూటకు ఒక్క గిన్నేనండీ’ అని డాక్టరు ముందు వాంగ్మూలం ఇచ్చేవాళ్లను ఏ గిన్నె అని అడిగే నాథుడు లేడు. పెళ్లినాటి ఆ గిన్నె మీద మేనత్త పేరుంటుంది, తేదీ ఉంటుంది, గ్రాములే ఉండవు.

శాఖవారు వచ్చేలోగా విచారణ మనమే జరపాలి. గ్రాము వరకు చూపే వంటింటి కాటా చాలు. ఖాళీ గిన్నె పెట్టి సున్నా చేసి, రోజూ ఎలా నింపుతారో అలాగే నింపండి. కాటా చూస్తోందని మర్యాద నటించొద్దు. అంచు వరకు 200 మి.లీ. నీళ్లు పట్టే గిన్నె అనుకుందాం. పొడిపొడి అన్నం అంచుకు సమంగా ఉంటే దాదాపు 150 గ్రాములు తూగుతుంది. గోపురం కడితే 190. హస్తంతో ఓసారి అదిమి, పైన కొసరు వేస్తే 220. రికార్డుల్లో మాత్రం మూడూ ‘ఒక్క గిన్నె’లే. మొదటిదానికీ మూడోదానికీ తేడా 90 కేలరీల పైమాటే. మీరు రోజూ నింపే తీరులోనే మూడుసార్లు నింపి తూచండి. అంకెల మధ్య పది గ్రాములకు మించి తేడా వస్తే నేరం గిన్నెది కాదు, చేతిది. చెంచా కాడతో అంచు వెంట గీసేస్తే చెయ్యి దారికొస్తుంది. బియ్యం మారినా, నీళ్లు ఎక్కువ పోసి మెత్తగా వండినా మళ్లీ తూచాల్సిందే. మెత్తటి అన్నం గిన్నెలో సర్దుకుని కూర్చుని ఎక్కువ తూగుతుంది, కానీ ఆ బరువులో నీళ్ల వాటా పెద్దది.

పప్పు గరిటె ఇంతకన్నా గడుసుది. నీళ్లతో 80 గ్రాములు తూగిందని పప్పుకూ అదే అంకె రాసుకుంటే మోసపోతారు. గరిటెలోకి వచ్చిందంతా కంచంలోకి దిగదు. అందుకే కంచాన్ని కాటా మీద పెట్టి సున్నా చేసి, అందులో పడినదాన్నే తూచండి. తొలి గరిటె లెక్కలోకి రాదు. ఆరిన గరిటె తన మామూలు తాను ఉంచుకుంటుంది, ముద్దపప్పయితే మరీను. రెండో గరిటె నుంచి అంకె నిలకడగా వస్తుంది. ముందు అడుగు నుంచి కలపడం మరవకండి. పైన తేటే తేలితే బరువు ఇంచుమించు అంతే చూపిస్తుంది, పప్పు మాత్రం అడుగునే ఉండిపోతుంది.

కూరకు ఒకే అంకె అంటగట్టడం అన్యాయం. అదే గరిటెడు బంగాళాదుంప ముద్దకూర, బెండకాయ వేపుడుకు రెట్టింపు తూగినా ఆశ్చర్యం లేదు. ముద్దకూరకొకటి, పులుసుకొకటి, వేపుడుకొకటి, మూడు అంకెలు విడివిడిగా రాసుకోండి. పులుసులో ముక్కలు, రసం కలిపి వచ్చేలా గరిటె అడుగుకు పోనివ్వాలి. నూనె సంగతి కాటాకు తెలియదు. 60 గ్రాముల వేపుడులో రెండు చెంచాల నూనె ఉన్నా, అరచెంచా ఉన్నా అది చూపేది 60నే. బాణలిలోకి పోసేటప్పుడే నూనెను చెంచాతో కొలిచి, కంచాల లెక్కన పంచుకోవాలి. సీసా వంచి ధారగా పోసే ఇళ్లలో గరిటె మీద ఎన్ని ముద్రలు వేసినా ఈ కేసు తేలదు.