ఒంట్లో బాగోలేదు అని రాస్తే సరిపోదు

డిసెంబర్ వచ్చిందంటే మన బెంగళూరు స్కూళ్ళలో స్పోర్ట్స్ డే హడావుడి మొదలవుతుంది. పోయినేడాది మా పాప డైరీలో నేను ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను: "పాపకు ఒంట్లో బాగోలేదు, స్పోర్ట్స్ డే రోజున మినహాయించగలరు." పాపకు ఉన్నది ఆస్తమా. ఆ మాట రాయడానికి మా అత్తగారు ఒప్పుకోలేదు, రేపు సంబంధాలు చూసేటప్పుడు అడ్డొస్తుందట. పాప చదివేది ఆరో తరగతి!

ఆ చీటీ ఎందుకూ కొరగాలేదు. స్పోర్ట్స్ డే ఒక్కరోజే, ప్రాక్టీసు మాత్రం మూడు వారాలు. పొద్దున్నే చలిలో, దుమ్ము లేచే గ్రౌండులో 400 మీటర్లు పరిగెత్తించారు. బాగానే పరిగెత్తింది. క్లాసుకొచ్చి కూర్చున్నాక దగ్గు, పిల్లికూతలు. బ్యాగులో ఇన్‌హేలర్ ఉందని మిస్‌కి తెలియదు. పీటీ సర్‌ని అడిగితే "గ్రౌండులో బాగానే ఉందండీ" అన్నారు. ఆయన తప్పేం లేదు. పరుగులో నోటితో పీల్చే చల్లటి పొడిగాలి ఊపిరి గొట్టాల్లో తడిని లాగేస్తుంది, దాంతో అవి బిగుసుకుంటాయి. ఆ ఇబ్బంది చాలాసార్లు పరుగు ఆపిన 5 నుంచి 15 నిమిషాల్లోనే ఎక్కువగా బయటపడుతుంది. అప్పటికి సర్ ఇంకో క్లాసుతో ఉంటారు.

అందుకే ఈసారి డాక్టరు గారితో కూర్చుని, ఆయన లెటర్‌హెడ్ జతచేసి మరీ రాశాను. జబ్బు పేరు రాశాను. దూరపు పరుగులు వద్దు, త్రోబాల్ ఆడొచ్చు అన్నాను. ఇది ప్రాక్టీసులకీ వర్తిస్తుందని విడిగా పెట్టాను. ఆటకు పావుగంట ముందు, ఊపిరి గొట్టాలను త్వరగా వదులు చేసే నీలం ఇన్‌హేలర్ స్పేసర్ గొట్టంతో రెండు పఫ్‌లు, తర్వాత మెల్లగా వార్మప్ అని డాక్టరు గారు మా పాపకు చెప్పినదే రాశాను. ఆట అయ్యాక కాసేపు ఎవరైనా కనిపెట్టి ఉండమన్నాను. మొత్తానికే మానిపించమని అడగలేదు. అలా అడిగితే పిల్ల మూడు వారాలు ఖాళీ క్లాసులో ఒంటరిగా కూర్చోవాలి. రాత్రిళ్ళు దగ్గుతున్నా, నీలం ఇన్‌హేలర్ మాటిమాటికీ కావలసి వస్తున్నా సంగతి వేరు. అప్పుడు ఆటలు మానిపించి ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సిందే.

స్కూలు వాళ్ళు మన చీటీలను అనుమానంగా చూస్తారని చాలామంది అంటుంటారు. చూడరా మరి? విజయవాడకు టికెట్లు బుక్ చేసుకుని, పిల్లాడికి జ్వరమని రాసిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

ఈ ఏడాది పాప త్రోబాల్ టీములో ఉంది. స్కూలు వాళ్ళు ఇన్‌హేలర్‌ని భద్రంగా ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశారట. దాన్ని గ్రౌండులో చేతికందేలా ఉంచమని నిన్న ఇంకో చీటీ రాసి పంపాను.