బాణాల వ్యాపారానికి అడ్డుపడ్డ మా ప్రెసిడెంట్

మా కాలేజీ ఫైనాన్స్ క్లబ్ ప్రెసిడెంట్ మొన్న సెమినార్ హాల్లో ఇచ్చిన స్పీచ్‌ని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. 14,999 రూపాయలు కట్టి, ఎవరికీ చెప్పనని ఒట్టేసి నేను ట్రేడింగ్ కోర్సులో సంపాదించుకున్న, షేరు ఎప్పుడు కొనాలో ఎప్పుడు అమ్మాలో బాణాలతో చూపించే ఇండికేటర్ రహస్యాన్ని ఆవిడ ప్రొజెక్టర్ మీద వేసి, పైగా సమోసాలు పెట్టి మరీ ఊరికే చెప్పేసింది.

మా కోర్సు సార్ చార్టు ఎంత అందంగా ఉంటుందో మీకు తెలీదు. సరిగ్గా షేరు అడుగు తాకిన చోట పచ్చ బాణం, శిఖరం మీద ఎర్ర బాణం, ఒక్కటీ గురి తప్పదు. అంత కచ్చితంగా ఉందంటేనే అనుమానించాలట! ఆ అస్త్రం చాలా చార్టింగ్ సాఫ్ట్‌వేర్‌లలో ఉచితంగా దొరికే జిగ్‌జాగ్ అట, సార్ రంగులు మార్చి, పేరు మార్చి, కోడ్ కనపడకుండా తాళం వేశాడట.

తర్వాత బోర్డు మీద లెక్క మొదలుపెట్టింది. జిగ్‌జాగ్‌ని 5 శాతానికి పెట్టామనుకుందాం. షేరు 480కి పడి లేచింది. అదే అడుగు అని ఆ క్షణంలో జిగ్‌జాగ్‌కీ తెలీదు, 5 శాతం పెరిగి 504కి వచ్చాకే తెలుస్తుంది. అప్పుడు వెనక్కి వెళ్లి 480 దగ్గర పచ్చ బాణం గీస్తుంది. అలాగే 540 దాకా ఎక్కి, 5 శాతం తగ్గి 513కి దిగాక, 540 మీద ఎర్ర బాణం పెడుతుంది. సార్ స్లైడ్‌లో షేరుకి 60 రూపాయల లాభం. బాణం కనపడ్డాక కొని, బాణం కనపడ్డాక అమ్మిన నాలాంటి వాడికి 9, అందులోంచి బ్రోకరేజీ, పన్నులు పోను ఏం మిగిలితే అది. అదే షేరు 530 దగ్గరే ఆగిపోతే 503.50కి అమ్మాలి, అంటే నాకు నష్టం, స్లైడ్‌లో మాత్రం 50 లాభం!

సార్‌ని నేనూ అడిగాను, లైవ్‌లో ఎందుకు తేడా వస్తోందని. "నీ సైకాలజీ ప్రాబ్లం తమ్ముడూ, దానికి అడ్వాన్స్‌డ్ కోర్సు వేరే ఉంది" అన్నాడు. ఎంత ఓపిక! ఈవిడేమో, బాణం కనపడగానే టైముతో సహా ఫోన్లో ఫొటో తీసుకోండి, ఆ నిమిషం ధర కాగితం మీద రాసుకోండి, సాయంత్రం బాణం చార్టులో ఏ టైము దగ్గర కూర్చుందో చూసుకోండి అంటుంది. గురువు మీద నిఘా పెట్టే శిష్యులని ఎక్కడైనా చూశామా?

అక్కడితో ఆగిందా? ఆప్షన్స్, ఫ్యూచర్స్‌లో మూడేళ్లలో నూటికి 93 మంది చిన్న ట్రేడర్లు నష్టపోయారని 2024లో సెబీ చెప్పిన మాట కూడా చదివింది. నేనా మిగతా ఏడుగురిలో ఉన్నాననే అనుకుంటూ సమోసా తింటున్నాను.

ప్రశ్నలుంటే అడగమంది. వెనక బెంచీలోంచి మావాడొకడు లేచాడు.

"అక్కా, అయితే ఆ జిగ్‌జాగ్ 5 కాకుండా ఎంత పెడితే వర్కవుట్ అవుద్ది?"