జాయినింగ్ డేట్ రాలేదా? ముందు మళ్లీ డ్రైవ్‌లలో కూర్చోబెట్టమని కాలేజీని అడగండి

క్యాంపస్‌లో ఆఫర్ ఇచ్చిన కంపెనీ నెలల తరబడి పిలవకపోతే మన ఇళ్లలో పిల్లలకు ఇచ్చే సలహా ఒకటే. "పెద్ద కంపెనీ కదా, ఇంకో నెల చూడు, పిలుస్తారులే." ఈ సలహా అంటేనే నాకు కోపం. నేను కొన్నేళ్లు ఒక ఇంజినీరింగ్ కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్‌లో పనిచేశాను. ఆఫర్ పోవడం వల్ల జరిగిన నష్టం కంటే, ఆ ఆఫర్ కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం వల్ల జరిగిన నష్టమే పెద్దదని అక్కడ కళ్లారా చూశాను.

మన కాలేజీల్లో చాలా చోట్ల ఒక విద్యార్థికి ఒకే ఉద్యోగం అనే నిబంధన ఉంటుంది. ఒక ఆఫర్ రాగానే మిగతా డ్రైవ్‌లకు పంపరు. మరీ పెద్ద ప్యాకేజీ ఉన్న కంపెనీ వస్తే తప్ప అవకాశం ఇవ్వరు. అందరికీ ఉద్యోగాలు రావాలి కాబట్టి ఆ నిబంధనలో న్యాయం ఉంది. కానీ కంపెనీ మాట తప్పినప్పుడు ఏం చేయాలన్నది చాలా కాలేజీల నిబంధనల్లో ఉండదు. ఫైనలియర్ మొదట్లో ఆఫర్ వచ్చిన పిల్లకు ఆ తర్వాత వచ్చిన కంపెనీలన్నీ పోయినట్టే. పైగా ఆఫ్ క్యాంపస్‌లో చాలా కంపెనీలు ఫలానా సంవత్సరం పాసైనవాళ్లే రావాలంటాయి. చదువు ముగిశాక ఇంత కంటే ఎక్కువ గ్యాప్ ఉండకూడదంటాయి. అంటే ఎదురుచూసే ప్రతి నెలా మన అర్హతే కరిగిపోతోంది.

మా బంధువుల అమ్మాయి విషయం చెబుతాను. 2023లో ఈసీఈ పూర్తి చేసింది. 2022 అక్టోబర్‌లోనే 4 లక్షల ప్యాకేజీతో ఒక ఐటీ కంపెనీ ఆఫర్ వచ్చింది. పేరు చెప్పను. "జూలై నుంచి సెప్టెంబర్ లోపు, వ్యాపార అవసరాలను బట్టి చేరిక" అని లెటర్‌లో ఉంది. ఆ తర్వాత కాలేజీకి వచ్చిన కంపెనీలకు ఆమెను పంపలేదు. సెప్టెంబర్ దాటింది, డేట్ రాలేదు. హెచ్‌ఆర్‌కు ఫోన్ చేస్తే "ప్రాసెస్‌లో ఉంది" అన్నారు. అప్పుడు వాళ్ల నాన్న నాకు ఫోన్ చేశారు.

మొదట ఆమె చేత కాగితాలన్నీ భద్రం చేయించాను. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు. ఆఫర్ మెయిల్ కాలేజీ ఐడీకి వస్తుంది. చదువు అయిపోయిన కొన్నాళ్లకు ఆ ఐడీ ఆపేస్తారు. కంపెనీ పోర్టల్ లాగిన్ కూడా ఎప్పుడు ఆగిపోతుందో తెలియదు. అందుకే ఆఫర్ లెటర్, మనం ఒప్పుకున్నట్టు పంపిన మెయిల్, పోర్టల్‌లో "యాక్సెప్టెడ్" అని ఉన్న పేజీ స్క్రీన్‌షాట్, డ్రైవ్ గురించి కాలేజీ ఇచ్చిన సర్క్యులర్, అన్నీ సొంత మెయిల్‌కు పంపుకోవాలి. వచ్చింది పూర్తి ఆఫర్ లెటరా, లెటర్ ఆఫ్ ఇంటెంటా అన్నది కూడా చూసుకోవాలి. లెటర్ ఆఫ్ ఇంటెంట్ అంటే తీసుకునే ఉద్దేశం ఉందని చెప్పడమే. దానికి ఆఫర్ లెటర్‌కున్నంత బలం సాధారణంగా ఉండదు.

తర్వాత హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టించాను. బతిమాలే మెయిల్ కాదు. క్యాండిడేట్ ఐడీ, ఆఫర్ వచ్చిన తేదీ, ఒప్పుకున్న తేదీ, లెటర్‌లో రాసిన గడువు, అది దాటిపోయిన సంగతి. ఆ తర్వాత రెండే ప్రశ్నలు: ఈ ఆఫర్ ఇంకా అమల్లో ఉందా? ఉంటే చేరిక ఏ తేదీన? వారం లోపు జవాబు కోరుతున్నానని, ఈలోగా వేరే ఇంటర్వ్యూలకు వెళ్తున్నానని, అభ్యంతరం ఉంటే రాతపూర్వకంగా చెప్పమని చివర్లో రాసింది. "వేరే ఇంటర్వ్యూలకు వెళ్తున్నానని చెబితే ఆఫర్ తీసేయరా అంకుల్?" అని భయపడింది. డేట్ చెప్పలేనివాళ్లు మన దారికి అడ్డుపడే హక్కు కూడా వదులుకున్నట్టే అని చెప్పాను. నా మాటే నిజమైంది, అభ్యంతరమేమీ రాలేదు. "దశలవారీగా చేర్చుకుంటున్నాం, తెలియజేస్తాం" అని రెండు లైన్ల జవాబు వచ్చింది.

మాకు కావలసింది ఆ రెండు లైన్లే. దాన్ని ప్రింట్ తీసుకుని కాలేజీకి వెళ్లింది. ప్లేస్‌మెంట్ సెల్‌లో "మీ బ్యాచ్ అయిపోయిందమ్మా" అన్నారు. వెనక్కి రాకుండా ప్రిన్సిపాల్ పేర అర్జీ రాసి, ఆఫీసులో ఇచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకుంది. ఈ ఆఫర్ కారణంగా నన్ను ఫలానా డ్రైవ్‌లకు పంపలేదు, కంపెనీ తేదీ చెప్పడం లేదు, కాబట్టి నా పేరును ప్లేస్ అయినవాళ్ల జాబితా నుంచి తీసి, 2023 బ్యాచ్‌కు అవకాశమున్న పూల్ డ్రైవ్‌లన్నింటికీ, అంటే పలు కాలేజీల పిల్లలను కలిపి పెట్టే డ్రైవ్‌లకు, పంపండి అని అందులో ఉంది. అదే పరిస్థితిలో ఉన్న మరికొందరు క్లాస్‌మేట్లు కూడా సంతకాలు పెట్టారు. ఒక్కరు అడిగితే పక్కన పెట్టే కాగితాన్ని నలుగురు కలిసి అడిగితే పక్కన పెట్టలేరు. ఆ గుంపుకు పూల్ డ్రైవ్‌ల సమాచారం రావడం మొదలైంది. అంతేకాదు, ప్లేస్‌మెంట్ ఆఫీసర్ కంపెనీ క్యాంపస్ టీమ్‌కు స్వయంగా మెయిల్ రాశారు. వచ్చే ఏడాది మళ్లీ ఆ కాలేజీకి రావాల్సినవాళ్లు కాబట్టి, అభ్యర్థి మెయిల్‌కు లేని విలువ కాలేజీ మెయిల్‌కు ఉంటుంది.

దీనికి పెద్ద ఉదాహరణ 2016లో చూశాం. ఫ్లిప్‌కార్ట్ క్యాంపస్‌లో ఎంపిక చేసినవాళ్ల చేరికను జూన్ నుంచి డిసెంబర్‌కు వాయిదా వేసినప్పుడు అహ్మదాబాద్ ఐఐఎం నేరుగా కంపెనీకి ఉత్తరం రాసి నిలదీసింది. అదే ఏడాది ఐఐటీలు ఆఫర్లు వెనక్కి తీసుకున్న కంపెనీలను, ఎక్కువగా స్టార్టప్‌లను, క్యాంపస్‌లోకి రాకుండా నిషేధించాయి. మన కాలేజీలకు అంత బలం లేకపోవచ్చు. కానీ ఒక మెయిల్ రాయడానికి ఐఐటీ కానక్కర్లేదు.

ఆ అమ్మాయి డిసెంబర్‌లో హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో సపోర్ట్ ఉద్యోగంలో చేరింది. 2.8 లక్షలు. బాండ్ లేదని చూసుకున్నాకే చేరింది. 2024 మార్చిలో మొదటి కంపెనీ ఆఫర్ రద్దు చేస్తున్నట్టు మెయిల్ పంపింది. అప్పటికి ఆమె చేతిలో నాలుగు నెలల అనుభవం ఉంది. అదే బ్యాచ్‌లో ఎదురుచూస్తూ ఇంట్లో కూర్చున్న పిల్లలకు అదే మెయిల్ వచ్చినప్పుడు వాళ్ల చేతిలో ఏమీ లేదు.

మధ్యలో వేరే ఉద్యోగంలో చేరితే అది దాచకండి. పీఎఫ్ కట్టే ఉద్యోగమైతే యూఏఎన్ నంబర్ మీద ఆ రికార్డు ఉండిపోతుంది. మొదటి కంపెనీ తర్వాత పిలిచి, మీరు ఫారంలో చెప్పకపోతే, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో బయటపడుతుంది. అప్పుడు ఆఫర్ పోయేది మీ తప్పు కింద. రిజైన్ చేసి, రిలీవింగ్ లెటర్ తీసుకుని, ఉన్నది ఉన్నట్టు రాయండి.

ఇంకో ఉచ్చు ఉంది. కొన్ని చోట్ల హెచ్‌ఆర్ ఫోన్ చేసి "పోర్టల్‌లో డిక్లైన్ నొక్కేయండి, తర్వాత మళ్లీ చూస్తాం" అంటారు. నొక్కితే రద్దు చేసింది కంపెనీ కాదు, వద్దన్నది మీరు అని రికార్డవుతుంది. నొక్కకండి. రద్దు చేయదలచుకుంటే వాళ్లనే మెయిల్ పంపమనండి. ఫోన్‌లో ఏం చెప్పినా వెంటనే "ఈరోజు మీరు ఫోన్‌లో ఇలా చెప్పారు" అని మెయిల్ పెట్టండి.

తక్కువ జీతానికి ఒప్పుకోమని అడగడం ఇంకో రకం. 2023 ఫిబ్రవరిలో విప్రో 6.5 లక్షల ఆఫర్లున్న ఫ్రెషర్లకు 3.5 లక్షలకు చేరతారా అని మెయిల్ పంపింది. ఒప్పుకుంటే పాత ఆఫర్ చెల్లదు. ఇలాంటి మెయిల్ వస్తే నేను చూడమనేది ఒకటే, చేరే తేదీ కచ్చితంగా రాసి ఉందా అని. తేదీ ఉండి, చేతిలో వేరే ఏమీ లేకపోతే ఒప్పుకోవడంలో తప్పులేదు. తేదీ లేకుండా జీతం మాత్రం తగ్గించుకోమంటే ఎందుకు ఒప్పుకోవాలి?

కేసు వేస్తే? చాలామంది తల్లిదండ్రులు మొదట అడిగేది ఇదే. ఒప్పుకున్న ఆఫర్‌ను కారణం లేకుండా రద్దు చేస్తే 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం కింద నష్టపరిహారం అడగవచ్చు. మూడేళ్ల లోపు సివిల్ కోర్టుకు వెళ్లాలి. కానీ ఉద్యోగం ఇచ్చి తీరాలని ప్రైవేటు కంపెనీని కోర్టు బలవంతం చేయడం దాదాపు జరగదు. పరిహారం కూడా జరిగిన నష్టం రుజువు చేసినంత వరకే, అదీ నష్టం తగ్గించుకోవడానికి మీరు వేరే ఉద్యోగం వెతికారా అని చూసి. "వ్యాపార అవసరాలను బట్టి" అనే మాట లెటర్‌లో ఉంటే కేసు మరింత బలహీనపడుతుంది. మార్కులు, బ్యాక్‌లాగ్‌ల షరతు మీరే తప్పితే కేసే లేదు. కాబట్టి లాయర్ నోటీసు దాకా వెళ్లండి, అది పనికొస్తుంది. ఆడపిల్లలకు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా లాయర్ సాయం దొరుకుతుంది. కోర్టు మీద మాత్రం ఏళ్లు పెట్టకండి.

గుంపుగా ఫిర్యాదు చేయడం పనిచేసిన సందర్భం ఒకటుంది. ఇన్ఫోసిస్ 2022 బ్యాచ్‌లో సుమారు 2,000 మందికి రెండేళ్లు దాటినా చేరిక తేదీ ఇవ్వలేదని పుణెకు చెందిన ఐటీ ఉద్యోగుల సంఘం నైట్స్ 2024 ఆగస్టులో కేంద్ర కార్మిక శాఖకు ఫిర్యాదు చేసింది. కేంద్రం ఆ విషయాన్ని కర్ణాటక కార్మిక శాఖకు పంపింది. ఇచ్చిన ఆఫర్లన్నీ నిలబెట్టుకుంటామని కంపెనీ సీఈవో ప్రకటించారు, అక్టోబర్‌లో చేరికలు మొదలయ్యాయి. కానీ అక్కడితో కథ అయిపోలేదు. 2025 ఫిబ్రవరిలో మైసూరు క్యాంపస్‌లో మూడు వందల మందికి పైగా ట్రైనీలను అంతర్గత పరీక్షలు పాస్ కాలేదని పంపేశారు. రెండేళ్లు ఆగి చేరి, నెలల్లో ఇంటికొచ్చినవాళ్లు అందులో ఉన్నారు. సంఘం ఫిర్యాదులో మీ పేరు చేర్చండి, తప్పకుండా చేర్చండి. చేర్చి, మీ ఉద్యోగ ప్రయత్నం మీరు చేసుకుంటూనే ఉండండి.

కాలేజీలను కూడా ఒకమాట అడగాలి. ఆఫర్ వచ్చిన రోజే పిల్లల ఫొటోలతో గేటు ముందు ఫ్లెక్సీ కడతారు. చేరిక తేదీ రాని పిల్లలు ఆఫీసుకు వస్తే "మీ బ్యాచ్ అయిపోయింది" అంటారు. లెటర్‌లోని గడువు దాటిన నెలలోపు చేర్చుకోకపోతే ఆ విద్యార్థి మళ్లీ డ్రైవ్‌లకు అర్హుడు అని ప్లేస్‌మెంట్ నిబంధనల్లో ఒక్క వాక్యం రాయడానికి ఖర్చేమీ లేదు. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌కు వెళ్లే తల్లిదండ్రులు ఎన్ని ఆఫర్లు వచ్చాయని అడగడం మానేసి, కిందటేడు ఆఫర్ వచ్చినవాళ్లలో ఎంతమంది చేరారు, చేరనివాళ్లకు మీరేం చేశారు అని ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ను అడగండి. జవాబు కాగితం మీద ఇమ్మనండి.